రోడ్డు దాటే పాఠం చెప్పబోయే మేనకోడలికి

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే వారం మీ బడిలో ఒకటి నుండి ఐదో తరగతి పిల్లలకు రోడ్డు దాటడం గురించి పాఠం చెప్పాలనీ, ఒక పాట కూడా కావాలనీ రాశావు. మీ బడి దేవరకొండ రోడ్డు అంచునే ఉంది, మధ్యలో డివైడర్ లేదు, ఊరంతా అవతలి వైపు ఉంది. కాబట్టి ఆ ఒక్క రోడ్డును దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

ముందుగా నా పొరపాటు చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన బడిలో పిల్లలకు "కుడి చూడు, ఎడమ చూడు, మళ్ళీ కుడి చూడు" అని చక్కగా నేర్పించాను. వాళ్ళు చూడటానికి వచ్చినవారి ముందు ఒక్క గొంతుతో పాడి చప్పట్లు కూడా కొట్టించుకున్నారు. రెండు రోజుల తరువాత సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఉంటే, రెండో తరగతి పిల్లవాడొకడు పాట పాడుకుంటూ తలను మూడుసార్లు అటూ ఇటూ తిప్పి, నేరుగా మోటారు సైకిల్ ముందుకు నడిచాడు. బండి నడిపే అతను పక్కకు కోసి మట్టిలో పడ్డాడు, పిల్లవాడికి మోకాలు మాత్రమే గీరుకుంది. నేను పరుగెత్తుకెళ్ళి "బండి కనిపించలేదారా?" అని అడిగితే, "చూసిన సార్, మూడుసార్లు చూసిన" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. నేను నేర్పింది తల తిప్పడమే గాని, చూడటం కాదు.

అందుకే పాటలో ప్రతి చూపుకూ ఒక ప్రశ్న పెట్టాను. ప్రశ్న నీవు అడగాలి, పిల్లలు నిజంగా చూసి కనిపించింది చెప్పాలి.

ఆగు ఆగు, అంచున ఆగు,
అడుగు ముందుకు వేయకు, ఆగు!
బువ్వ చేతి వైపు చూడు, ఏముంది?
రెండో చేతి వైపు చూడు, ఏముంది?
బువ్వ చేతికే మళ్ళీ చూడు, ఏముంది?
బండి ఉంటే మొదటికి రారా,
ఆగు ఆగు, అంచున ఆగు!
బండి లేదా? చప్పుడు లేదా?
నడువు నడువు తిన్నగ నడువు,
పరుగు వద్దు, వెనక్కి వద్దు!

"ఆటో ఉంది", "ఎద్దుల బండి ఉంది", "ఏం లేదు" అని జవాబు వచ్చిన తరువాతే తరువాతి చరణానికి వెళ్ళాలి. బండి ఉందంటే పాట మళ్ళీ మొదటికి రావలసిందే. ఒక్కోసారి నాలుగైదుసార్లు మొదటికి వస్తుంది, పిల్లలకు అది ఆటలా ఉంటుంది.

కుడి, ఎడమలు ఒకటో తరగతి పిల్లలకు తారుమారవుతాయి కాబట్టి "బువ్వ చేయి" అన్నాను. ఎడమచేతి వాటం పిల్లలు కూడా మన ఇళ్ళలో ఎక్కువగా కుడి చేత్తోనే తింటారు, అయినా ఎవరైనా తడబడితే కుడి మణికట్టుకు ఒక దారం కట్టు. ఇందులో ఇంకొక కిటుకు ఉంది. మన దగ్గర బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి కనుక, అంచున నిలబడి రోడ్డు వైపు ముఖం పెడితే దగ్గరి సగంలో వచ్చే బండి ఎప్పుడూ కుడి చేతి వైపు నుండే వస్తుంది. ఉదయం బడికి వచ్చేటప్పుడు అది నల్లగొండ వైపు అయితే, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు దేవరకొండ వైపు అవుతుంది. "నల్లగొండ వైపు ముందు చూడు" అని ఊరి పేరుతో నేర్పితే సాయంత్రం పిల్లలు తప్పు వైపు ముందు చూస్తారు. చేతితో నేర్పితే రెండు పూటలా సరిపోతుంది.

ఈ పాఠాన్ని నేరుగా రోడ్డు మీద మొదలుపెట్టకు. బడి ఆవరణలో ముగ్గుపిండితో 7 మీటర్ల వెడల్పున రెండు గీతలు గీయి. ఒక్కొక్కరినీ నడిపించి గడియారం చూడు, చిన్నవాళ్ళకు సుమారు 8 సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 8 సెకన్లలో దాదాపు 130 మీటర్లు వస్తుంది, 80 వేగంతో వచ్చేదయితే దాదాపు 180 మీటర్లు. కాబట్టి దాటే చోటు నుండి రెండు వైపులా 200 మీటర్లు, అంటే పెద్దవాళ్ళ అడుగులతో సుమారు 270, కొలిచి అక్కడి వేపచెట్టునో దుకాణాన్నో గుర్తుగా పెట్టు. ఆ గుర్తుకు ఇటువైపు బండి ఉంటే ఆగాల్సిందే. మలుపు వల్ల గాని, ఎత్తు వల్ల గాని అంత దూరం కనిపించకపోతే ఆ చోట దాటకూడదు.

ఇంత చేసినా, తొమ్మిది పదేళ్ళలోపు పిల్లలకు వచ్చే బండి వేగాన్ని అంచనా వేయడం రాదు. పెద్ద లారీ దగ్గరగా, చిన్న బైకు దూరంగా ఉన్నట్టు వాళ్ళకు తోస్తుంది. కనుక పాట వచ్చిందని చిన్న తరగతుల వాళ్ళను ఒంటరిగా వదలవద్దు. వేళ్ళు జారిపోతాయి కాబట్టి పెద్దవాళ్ళు మణికట్టు పట్టుకుని దాటించాలి.

పాటలో "వెనక్కి వద్దు" అని పెట్టడానికి కారణం చెప్పులు. నడి రోడ్డులో చెప్పు ఊడితే పిల్లలు తప్పకుండా వెనక్కి తిరుగుతారు. గీతల మధ్య కావాలనే ఒక చెప్పు విడిచి పెట్టించి, దాన్ని వదిలి అవతలికి పోవడం సాధన చేయించు. ఇంట్లో తిడతారని భయపడతారు, తల్లులకు కూడా ఒక మాట చెప్పు.

బస్సు దిగిన తరువాత దాని ముందు నుండి దాటకూడదు, బస్సు వెళ్ళేదాకా అంచుననే ఆగాలి. అలాగే వరి కోతల రోజుల్లో, వానాకాలం పంటకూ యాసంగికీ, రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు. బండ్లు ఆ కుప్పలను తప్పించుకుంటూ తమది కాని సగంలోకి పోతాయి, అప్పుడు దగ్గరి సగంలోకి ఎడమ చేతి వైపు నుండి కూడా బండి రావచ్చు. ఆ రోజుల్లో వడ్లు లేని చోటు వెతికి దాటించు.

గుర్తుల సంగతి క్లుప్తంగా చెప్పు, ఆకారాలు చాలు. ఎర్ర అంచు ముక్కోణం ముందున్న ప్రమాదాన్ని చెబుతుంది, గుండ్రటిది ఆజ్ఞ, నీలి రంగు పలక సమాచారం. సంచి పట్టుకున్న పిల్లల బొమ్మ ఉన్న ముక్కోణాన్ని చూపించి, అది ఎవరి కోసం పెట్టారో అడుగు. "మా కోసం" అంటారు. అది డ్రైవర్ల కోసమనీ, వాళ్ళు దాన్ని చూడకపోవచ్చనీ విడమరిచి చెప్పు. తెల్ల చారల మీద కూడా బండి ఆగిందని కళ్ళతో చూశాకే అడుగు వేయాలి. ఈ మాట రాకపోతే, చారలు చూడగానే పరుగు తీస్తారు.

పాఠం అయిన వారానికి, వాళ్ళకు కనబడకుండా సాయంత్రం గేటు లోపల నిలబడి చూడు. ఎవరి పెదవులు కదులుతున్నాయి, ఎవరి కళ్ళు ఆ గుర్తు చెట్టు దాకా పోతున్నాయి అని విడివిడిగా రాసుకో. కళ్ళు పోని వాళ్ళను మరునాడు మళ్ళీ ముగ్గు గీతల దగ్గరికి తీసుకురా.

ఇట్లు,
మామయ్య