38వ నంబరు కోసం పర్సనల్ లోన్ తీసుకోవద్దు

ప్రశ్న: నమస్తే సర్. మాది గాజువాక. వయసు 33, ప్రైవేటు ఉద్యోగం. నెలకు 61 వేలు చేతికొస్తుంది, ఇంటి ఖర్చు 42 వేలు, బ్యాంకులో 40 వేలున్నాయి. 49 నంబర్లలోంచి ఆరు తీసే ఒక విదేశీ 6/49 లాటరీకి సంబంధించి దాదాపు ఇరవై ఏళ్ల ఫలితాలు, మొత్తం 2,000 డ్రాలు ఎక్సెల్‌లో వేసి కై-స్క్వేర్ టెస్ట్ చేశాను. విలువ 52, p 0.32 వచ్చింది. అంటే లాటరీలో మోసం లేదు. కానీ 38 మాత్రం 281 సార్లు వచ్చింది, రావాల్సింది 245. మూడేళ్లకు 15 శాతం వడ్డీతో 3 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. 38 ఉన్న టికెట్లు ఆన్‌లైన్‌లో, ఒక్కోటి 200 చొప్పున, 1,500 కొందామనుకుంటున్నాను. ఈఎంఐ కట్టగలను. మీ సలహా ఏమిటి?

జవాబు: లోన్ తీసుకోకండి. ఇలాంటి ఉత్తరాలకు మామూలుగా ఆ ఒక్క మాటే రాసి వదిలేస్తాను. మీరు మాత్రం లెక్క వేసి మరీ అడిగారు. లెక్క వేసి తప్పు చేసేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు, షేర్లలోనూ ఇదే వరస. నేను ఆంధ్రా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివి ఈ వృత్తిలోకి వచ్చినవాణ్ణి కాబట్టి ముందు మీ ఎక్సెల్ షీటు సంగతే చూద్దాం.

కై-స్క్వేర్ టెస్ట్ అంటే ప్రతి నంబరూ రావాల్సినదానికి ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి, ఆ తేడాలన్నిటినీ ఒకే మొత్తంగా చూడడం. ఏ మోసమూ లేకపోయినా అంత తేడా వచ్చే అవకాశమే p. మీరు వాడిన ఫార్ములాలో చిన్న పొరపాటుంది. ప్రతి బంతినీ తీశాక మళ్లీ డ్రమ్ములో వేస్తారనుకుని ఎక్సెల్ లెక్క కడుతుంది. లాటరీలో అలా జరగదు. ఒక డ్రాలో 38 వచ్చిందంటే అదే డ్రాలో అది రెండోసారి రాదు. అందువల్ల నంబర్ల మధ్య తేడాలు ఎక్సెల్ ఊహించినదానికన్నా తక్కువగా ఉండాలి. ఏ మోసమూ లేని 6/49 లాటరీలో ఆ మొత్తం సగటున ఎక్సెల్ అనుకునే 48 కాదు, 43 రావాలి. కాబట్టి మీ 52ని 48/43తో గుణించి, ఆ తర్వాత పట్టికతో పోల్చాలి. ఎక్సెల్‌లో ఇలా కొట్టండి:

```
=CHISQ.DIST.RT(52*48/43,48)
```

0.15 వస్తుంది. మీరు రాసిన 0.32లో సగం కూడా లేదు. ఇది కూడా అనుమానించాల్సినంత చిన్నది కాదు, కాబట్టి మీ తీర్పు మారదు. కానీ విలువ ఇంకాస్త పెద్దదై ఉంటే, నిజంగా తేడా ఉన్న లాటరీకి కూడా మీరు మంచి సర్టిఫికెట్ ఇచ్చేసేవారు. ఇంకొకటి కూడా సరిచూసుకోండి. ఈ ఇరవై ఏళ్లలో ఆట నియమాలు మారలేదు కదా? బ్రిటన్ లాటరీ 1994 నుంచి 49 నంబర్లతో నడిచి, 2015 అక్టోబరులో 59కి మారింది. ఆ రెండు కాలాలనూ కలిపి టెస్ట్ చేస్తే, ఎవరూ ఏ మోసమూ చేయకపోయినా ఘోరమైన మోసం జరిగినట్టు కనిపిస్తుంది.

ఇక 38 సంగతి. అసలు తప్పు ఇక్కడ జరిగింది. 49 మంది పిల్లలున్న క్లాసులో ఎవరో ఒకరు ఫస్ట్ వస్తారు. పరీక్షకు ముందే ఫలానా పిల్లాడు ఫస్ట్ వస్తాడని చెప్పి, అతనే వస్తే అది విశేషం. ఫలితాలు చూశాక లిస్టులో పైనున్న పేరు మీద వేలు పెట్టడం వేరు. మీరు చేసింది ఆ రెండోదే.

దీన్నే అంకెల్లో చూద్దాం. 2,000 డ్రాలలో ఒక నంబరు సగటున 245 సార్లు రావాలి. దానికి అటూ ఇటూ సుమారు 15 తేడా ఉండడం మామూలే. 281 అంటే 36 ఎక్కువ, అలాంటి తేడాలు దాదాపు రెండున్నర అన్నమాట. ముందే ఎంచుకున్న ఒక్క నంబరుకు ఇది జరగడం నిజంగానే అరుదు, నూటికి ఒక్కసారి కూడా జరగదు. కానీ 49 నంబర్లకూ ఆ అవకాశం ఉంది. ఏ మోసమూ లేని లాటరీలో కూడా, 2,000 డ్రాలయ్యేసరికి ఏదో ఒక నంబరు 281 దాటడం నూటికి సుమారు 30 సార్లు జరుగుతుంది. మీకు 38 తగిలింది, ఇంకొకరి షీటులో 17 తగిలేది. మొత్తం 49 నంబర్లూ వెతికి పట్టుకున్న నంబరును నిజంగా అనుమానించాలంటే అది 293 దాకా రావాలి.

నా మాట నమ్మనక్కర్లేదు. మీ షీటునే రెండు ముక్కలు చేయండి. మొదటి వెయ్యి డ్రాల్లో ఎక్కువసార్లు వచ్చిన అయిదు నంబర్లు కాగితం మీద రాసుకోండి. తర్వాత రెండో వెయ్యి తెరిచి, అవే అయిదు ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. యంత్రంలో నిజంగా పక్షపాతం ఉంటే అవి మళ్లీ పైనే ఉండాలి. లేకపోతే సగటున 122 దగ్గరికి దిగిపోతాయి. మొత్తం రెండు వేలూ చూసి 38ని ఎంచుకున్నారు కాబట్టి, దాన్ని మళ్లీ అదే రెండు వేలతో పరీక్షించడం కుదరదు.

ఇదే 293 లెక్కలో ఇంకో సంగతి ఉంది, అది 245 కన్నా సుమారు ఇరవై శాతం ఎక్కువ. ఇరవై శాతం కన్నా చిన్న పక్షపాతాన్ని మీ 2,000 డ్రాలు పట్టుకోలేకపోవచ్చు. అందుకే మీరు రాసిన 'మోసం లేదు' అన్న మాట కూడా నేను ఒప్పుకోను. 'ఈ టెస్టుకు దొరకలేదు' అనాలి. అసలు పెద్ద మోసాలు ఇలాంటి టెస్టుకు దొరికే రకం కావు. 1980 ఏప్రిల్ 24న అమెరికాలోని పెన్సిల్వేనియాలో మూడంకెల లాటరీకి 666 వచ్చింది. 4, 6 తప్ప మిగతా బంతుల్లోకి తెల్ల రంగు ఎక్కించి బరువు పెంచారు. ఆ రోజు 4, 6 ఉన్న కాంబినేషన్ల మీద విపరీతంగా పందేలు పడడంతో అనుమానం మొదలైంది. అమెరికాలోనే హాట్ లాటో అనే లాటరీ కేసులో అయితే ఎడ్డీ టిప్టన్ అనే లాటరీ సంస్థ సెక్యూరిటీ అధికారే కంప్యూటర్ ప్రోగ్రామును మార్చాడు. ఏడాదిలో కొన్ని నిర్ణీత తేదీల్లో మాత్రమే నంబర్లు ముందే ఊహించగలిగేలా ఏర్పాటు చేసుకున్నాడు. 2010 డిసెంబరు 29 డ్రాలో ఒక కోటీ 65 లక్షల డాలర్ల టికెట్ అలా వచ్చింది. టికెట్ కొన్న దుకాణంలోని కెమెరా వీడియో అతన్ని పట్టించింది. ఇలాంటి ఒకటీ అరా డ్రాలు మీ రెండు వేలలో కలిసిపోతే కై-స్క్వేర్‌కు కనిపించవు.

సరే, మీ మాటే నిజమనుకుందాం. 38కి నిజంగానే 15 శాతం ఎక్కువ అవకాశం ఉందనుకుందాం. 6/49లో మొత్తం కాంబినేషన్లు 1,39,83,816. మీ 1,500 టికెట్లతో మొదటి బహుమతి వచ్చే అవకాశం 9,300లో ఒకటి. అన్నిటిలోనూ 38 ఉంటే అది సుమారు 8,100లో ఒకటి అవుతుంది. ఇరవై ఏళ్ల డేటా, రాత్రుళ్లు కూర్చుని చేసిన లెక్క, 3 లక్షల అప్పు, ఇన్నిటికీ కలిపి మీకు దక్కేది ఇంతే. లాటరీలు మామూలుగా టికెట్ల సొమ్ములో సుమారు సగమే బహుమతులుగా ఇస్తాయి. సగం పోయేచోట 15 శాతం మెరుగుదల మిమ్మల్ని లాభంలోకి తేలేదు.

పైగా ఇది చట్టం ఒప్పుకునే పనికాదు. విదేశీ లాటరీ టికెట్ల కోసం మన దేశం నుంచి డబ్బు పంపడాన్ని విదేశీ మారక చట్టమైన ఫెమా కింద 2000లో వచ్చిన కరెంట్ అకౌంట్ నిబంధనలు పూర్తిగా నిషేధించాయి. గెలిచినా ఆ డబ్బు ఎలా వచ్చిందో బ్యాంకుకు చెప్పుకోలేని పరిస్థితి. ఆ 'ఆన్‌లైన్' వెబ్‌సైట్ మీ పేరుతో నిజంగా టికెట్ కొంటోందో లేదో చూపించమని అడిగారా?

'ఈఎంఐ కట్టగలను' అన్న మాట చదివితే నాకు చిరాకేసింది, క్షమించండి. కట్టగలగడం అప్పు చేయడానికి కారణం ఎలా అవుతుంది? 3 లక్షలకు 15 శాతంతో మూడేళ్లకు ఈఎంఐ సుమారు 10,400. మొత్తం కట్టేది 3,74,000 పైనే. టికెట్లు వారంలో చిత్తుకాగితాలైపోతాయి, ఆ తర్వాత ముప్ఫై ఆరు నెలలు కడుతూనే ఉండాలి. ఆ మధ్యలో ఉద్యోగం పోతే మీ దగ్గరున్న 40 వేలు ఒక నెల ఇంటి ఖర్చుకే చాలవు.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది ఈ 40 వేలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీరు ఊళ్లోనే ఉండి ఉంటే గుర్తుండే ఉంటుంది. రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పాల ప్యాకెట్టుకీ మంచినీళ్ల టిన్నుకీ చేతిలో నోటు కావాల్సివచ్చింది. మా వీధిలో మంచి జీతాలున్నవాళ్లే ఆ వారం పక్కింటి తలుపు తట్టారు. ఆ తర్వాత పైకప్పు రేకులకూ పాడైన మోటార్లకూ నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినవాళ్లు ఎందరో. అప్పటి నుంచి నా దగ్గరికి ఎవరొచ్చినా మొదట అడిగేది అత్యవసర నిధి గురించే.

మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 2,52,000 కావాలి. కట్టగలనన్న ఆ 10,400నే ఈ నెల నుంచి రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 24 నెలలకు అసలే 2,49,600 అవుతుంది. ఉన్న 40 వేలు, వచ్చే వడ్డీ కలిపితే లక్ష్యం దాటుతుంది. అందులో పదిహేను వేలు ఇంట్లో నగదుగా పెట్టుకోండి, అదీ చిన్న నోట్లు. జీతం పడిన మర్నాడే డెబిట్ అయ్యేలా తేదీ పెట్టించండి, నెలాఖరుకు పెట్టకండి.

మిగిలే 8,600తో మీ కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్సుతో సంబంధం లేకుండా ఒక హెల్త్ పాలసీ తీసుకోండి. మీ మీద ఆధారపడినవాళ్లుంటే టర్మ్ పాలసీ కూడా. మ్యూచువల్ ఫండ్ల సంగతి నిధి పూర్తయ్యాక. ఇంట్లో ఎంతమంది ఉన్నారో, తల్లిదండ్రుల వయసెంతో రాయలేదు. అది రాస్తే ఎంత కవర్ కావాలో చెబుతాను. షీటు రెండో సగంలో 38 ఎన్నిసార్లు వచ్చిందో కూడా రాయండి, ఎంతొచ్చిందో చూడాలని నాకూ ఉంది.