కాలి మీద రోజూ పాకుతున్న ఎర్ర గీత.. కోసి తీయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31, బరువు 58 కిలోలు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇల్లు కట్టుకుంటున్నాం. రోజూ సాయంత్రం గోడలు తడపడానికి చెప్పుల్లేకుండా వెళ్తుంటాను. 12 రోజుల కిందట ఎడమ పాదం పక్కన చిన్న పొక్కులా వచ్చి దురద పెట్టింది. చీమ కుట్టిందనుకున్నాను. ఇప్పుడది ఎర్ర గీతలా వంకర్లు తిరుగుతూ మడమ వైపు పాకుతోంది. రాత్రిళ్లు దురదతో నిద్ర ఉండట్లేదు. మెడికల్ షాపులో తామర ఆయింట్‌మెంట్ ఇస్తే ఆరు రోజులు రాశాను, గీత ఇంకా పెరిగింది. మా అత్తయ్య సర్పి అంటున్నారు. పురుగు లోపల ఉంటే కోసి తీయించాలా? నాలుగేళ్ల పాప ఆ ఇసుకలోనే ఆడుతుంది. నా నుంచి దానికి అంటుకుంటుందా? ఫొటో పంపుతున్నాను.

జవాబు: కోయించొద్దమ్మా. కోసినా అది దొరకదు. ఎందుకో చెబుతాను.

ఫొటోలో గీత స్పష్టంగా కనిపిస్తోంది. మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుందేమో. చర్మం మీదికి కాస్త ఉబ్బి, పిల్లలు పెన్సిల్‌తో పిచ్చిగీత గీసినట్టు మెలికలు తిరిగింది. మొదలైన చోట రంగు తగ్గి పొట్టు రేగుతోంది, మడమ వైపు కొస మాత్రం ఎర్రగా తాజాగా ఉంది. దీన్ని మేం క్యుటేనియస్ లార్వా మైగ్రాన్స్ అంటాం. కుక్కల, పిల్లుల పేగుల్లో ఉండే కొంకి పురుగు పిల్ల దారి తప్పి మీ చర్మంలోకి వచ్చిందన్నమాట. మీ అత్తయ్య గారు చెప్పే సర్పి అయితే నీటి పొక్కులు గుత్తులుగా వచ్చి మంట, నొప్పి ఎక్కువగా ఉంటాయి. తామర అయితే గుండ్రంగా, అంచు లేచి, నాలుగు పక్కలకీ సమానంగా విస్తరిస్తుంది. ఒకే కొస నుంచి ఇలా ముందుకు సాగదు.

నమ్మకం కలగకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఈ రాత్రి గీత ఎక్కడ ఆగిందో అక్కడ బాల్ పెన్నుతో చిన్న చుక్క పెట్టండి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. రేపు రాత్రి మళ్లీ చూడండి. ఈ లార్వా రోజుకి కొన్ని మిల్లీమీటర్ల నుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా నడుస్తుంది. గీత ఆ చుక్క దాటిపోయిందంటే ఇక సందేహం అక్కర్లేదు. సాధారణంగా దీనికి రక్త పరీక్షలూ, ముక్క పరీక్షలూ అవసరం ఉండవు. చూసి, ఎక్కడ నడిచారో అడిగి చెప్పేసే జబ్బు ఇది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ రెండు ఫొటోలూ చూపిస్తే ఆయన పని సగం అయిపోతుంది.

ఇంతకీ అది మీ కాలికి ఎలా ఎక్కింది? ఇసుక కుప్ప వాలు మీద కుక్కలు గుంట చేసుకుని పడుకోవడం మీరు చూసే ఉంటారు. పిల్లులకి మలవిసర్జనకి, కప్పెట్టడానికి అంతకంటే మెత్తటి చోటు ఊళ్లో దొరకదు. ఆ మలంలో కొంకి పురుగు గుడ్లు ఉంటే, తడీ నీడా వెచ్చదనం దొరికిన చోట ఒకటి రెండు రోజుల్లో పగులుతాయి. మరో వారం పది రోజుల్లో పిల్లలు చర్మం తొలుచుకునే దశకి వస్తాయి. అర మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ పొడవు, కంటికి ఆనవు. మట్టి ఎండిపోకపోతే మూడు నాలుగు వారాలు అలాగే కాచుకుని ఉంటాయి. మీరు గోడలకి కొట్టిన నీళ్లు కారి ఆ ఇసుక ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. పాదం ఆనగానే ఎక్కేస్తాయి. బట్ట అడ్డున్నా, అది తడిగా పల్చగా ఉంటే ఆపదు.

కుక్క కాలికే ఎక్కి ఉంటే అది చర్మం దాటి రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి, గొంతులోకి వెళ్లి, చివరికి పేగులో స్థిరపడేది. మనిషి చర్మంలో పైపొర అడుగున ఒక గట్టి పల్చటి పొర ఉంటుంది. దాన్ని కరిగించే ఎంజైములు ఈ లార్వాకి లేవు. అందుకే కిందికి దిగలేక, బయటికి రాలేక పైపొరలోనే దారి వెతుక్కుంటూ తిరుగుతుంది. మీకు కనిపిస్తున్న మెలికలు అవే. మనిషిలో ఇది పెద్దదవదు, గుడ్లు పెట్టదు, సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే చచ్చిపోతుంది. ఒక్కోసారి నెలలు పడుతుంది.

కోయించొద్దన్నది ఇందుకే. మీకు కనిపించే ఎరుపు అది నడిచి వెళ్లిపోయిన దారి మీద మన ఒంటి ప్రతిచర్య. పురుగు ఆ ఎర్ర కొసలో ఉండదు. ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకు, మామూలుగా కనిపించే చర్మంలో ఎక్కడో ఉంటుంది. సూదితో గెలికినా, బ్లేడుతో కోసినా మిగిలేది పుండే. మంచుతో గడ్డకట్టించే వైద్యం కూడా ఒకప్పుడు చేసేవారు. గురి తప్పి చర్మం కాలడమే ఎక్కువ, అందుకే వదిలేశారు. వేడి నీళ్లు పోయడం, కిరసనాయిలు, సున్నం రాయడం లాంటివీ వద్దు.

ఇక ఆ ఆయింట్‌మెంట్ ఆపేయండి. పెట్టె మీద పేర్లు చదవండి. మన మెడికల్ షాపుల్లో తామరకని ఇచ్చే చాలా ట్యూబుల్లో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రాసినప్పుడు దురద కొంచెం తగ్గినట్టుంటుంది, పురుగు మాత్రం నడుస్తూనే ఉంటుంది. పైగా స్టెరాయిడ్ రాసిన చోట గోళ్ల గీతలకి చీము పట్టడం తేలిక.

మందు సులువే. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి ఒకటి, మామూలుగా మూడు రోజులు. గీతలు ఎక్కువగా ఉంటే డాక్టరు ఏడు రోజుల దాకా ఇస్తారు. ఇదేగా స్కూల్లో నులిపురుగులకి ఇచ్చే మాత్ర అనుకుంటారు. నిజమే, అదే. అయితే అక్కడ శత్రువు పేగులో ఉంది, ఒక్క మాత్ర పేగులోనే పని చేస్తే చాలు. ఇక్కడ మందు రక్తంలోకి ఎక్కి చర్మం దాకా రావాలి. ఒక్క మాత్రతో చాలామందికి పూర్తిగా తగ్గదు. కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటే మందు ఒంటికి బాగా పడుతుంది కాబట్టి, నెయ్యి వేసుకుని అన్నం తిన్నాక వేసుకోమంటాను. రెండో మందు ఐవర్‌మెక్టిన్. కిలోకి 200 మైక్రోగ్రాముల లెక్కన, మీ బరువుకి 12 మిల్లీగ్రాములు, ఒకే మోతాదు. ఒక్కసారితో బాగా పని చేసేది ఇదే. రెండింట్లో ఏదో ఒకటి చాలు. ఏదన్నది మీ డాక్టరు చూసి రాస్తారు.

మాత్ర మింగే ముందు ఒక్క సంగతి చూసుకోండి. నెల తప్పిందేమో. అనుమానం ఉంటే ముందు టెస్ట్ చేసుకోండి. గర్భిణులకి ఈ రెండూ సాధారణంగా ఇవ్వం. దానంతటదే తగ్గే జబ్బు కాబట్టి దురదకి మాత్రం మందిచ్చి ఆగుతాం. చంటిబిడ్డకి పాలిస్తున్నా, లివర్ సమస్య ఉన్నా ముందే చెప్పాలి.

మందు పడ్డాక దురద సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. గీత మాత్రం వెంటనే పోదు, ఒకటి రెండు వారాలు పట్టి మెల్లగా వాడిపోతుంది. పని చేసిందా లేదా అన్నది గీత ఉందా లేదా అని కాదు, ముందుకి పాకుతోందా లేదా అని చూడాలి. పెన్ను చుక్క అప్పుడూ పనికొస్తుంది. వారం తర్వాత కూడా చుక్క దాటుతుంటే మరో విడత మందు కావాలి. ఈలోగా రాత్రి నిద్ర కోసం సిట్రజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర పడుకునే ముందు వేసుకోవచ్చు. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. చన్నీళ్ల గుడ్డ పది నిమిషాలు వేసినా హాయిగా ఉంటుంది.

ఆలస్యం చేయకూడని సందర్భాలు ఉన్నాయి. గోకిన చోట చీము పట్టి, పాదం వాచి, జ్వరం వస్తే వెంటనే చూపించాలి. ముఖ్యంగా మెలికల్లేని తిన్నటి ఎర్ర చార కాలి మీదుగా గజ్జల వైపు ఎక్కుతూ నొప్పి పెడితే అది పురుగు కాదు, ఇన్ఫెక్షన్ పైకి పాకుతోందని అర్థం. ఆ రోజే యాంటీబయాటిక్ పడాలి. షుగర్ ఉన్నవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. అరుదుగా కొందరికి పొడి దగ్గు, ఆయాసం వస్తాయి. అవి కనిపించినా డాక్టరుకి చెప్పండి.

పాప సంగతి. మీ నుంచి దానికి అంటదు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు. కానీ మీకు ఎక్కిన చోటే అదీ కూర్చుని ఆడుతోంది కదా. పిల్లల్లో గీత పాదం మీదే రావాలని లేదు. పిరుదులు, తొడలు, మోకాళ్లు, చేతులు, ఇసుకకి ఆనినవన్నీ స్నానం చేయించేటప్పుడు వెలుతుర్లో చూడండి. ఏమీ లేకపోతే ముందు జాగ్రత్తగా మాత్ర వేయాల్సిన పని లేదు. గీత కనిపిస్తే మీ మాత్రల్లోంచి ఇవ్వకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. 15 కిలోల లోపు పిల్లలకి ఐవర్‌మెక్టిన్ మామూలుగా ఇవ్వరు, నాలుగేళ్ల పిల్ల ఆ బరువుకి అటూ ఇటూగా ఉంటుంది.

ఇసుక మీద టార్పాలిన్ కప్పమని అందరూ చెబుతారు. అయితే కుక్కలు తిరిగాక కప్పితే లోపల నీడా చెమ్మా నిలిచి లార్వాలకి మేలు చేసినట్టే. లారీ దించిన రోజే కప్పాలి. ఇప్పుడున్న కుప్పని ఎండ బాగా ఉన్న రోజు పల్చగా పరిచి, తిరగేస్తూ పూర్తిగా ఎండనివ్వండి, అవి ఎండకి తట్టుకోలేవు. ఆ తర్వాత కప్పండి. గోడలు తడిపేటప్పుడు కాలు మూసే రబ్బరు చెప్పులో, బూట్లో వేసుకోండి. హవాయి చెప్పుల్లోకి ఇసుక పక్కనుంచి వచ్చేస్తుంది. ఆ ఇసుక జల్లెడ పట్టే కూలీలు కూడా వట్టి కాళ్లతోనే నిలబడి ఉంటారు. వాళ్లలో ఎవరైనా కాళ్లు గోక్కుంటుంటే ఒకసారి పాదం చూపించమనండి.