‘ఏ టైమ్‌కైనా రెడీ’ అని రాసిన బయోకి జవాబు ఎందుకు రాదు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో సపోర్ట్ ఉద్యోగం చేస్తోంది. అది మానేసి, గుంటూరులో మా దగ్గరే ఉండి విదేశీ కంపెనీకి రిమోట్‌గా పనిచేస్తానంటోంది. చాలా చోట్ల అప్లై చేసింది, ఒక్కరూ పలకలేదు. అప్లికేషన్‌తో పంపే చిన్న పరిచయాన్ని, అదే బయోను, అరండల్‌పేటలో ఒకాయనకు డబ్బులిచ్చి నేనే రాయించాను. దాన్నీ, ఆమె రెజ్యూమేనూ జత చేస్తున్నాను. ఇందులో లోపం ఏమిటి? అసలు హైదరాబాద్ ఉద్యోగం మేలా, ఇది మేలా? నలుగురూ అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, బయో చదివాను. కష్టపడే స్వభావం, అద్భుతమైన కమ్యూనికేషన్ స్కిల్స్, సెల్ఫ్ మోటివేటెడ్, ఏ టైమ్ జోన్‌లోనైనా 24 గంటలూ అందుబాటు. ఇందులో మీ అమ్మాయి ఎక్కడా కనిపించలేదు. పేరు మారిస్తే ఇది ఎవరికైనా సరిపోతుంది. రిమోట్ టీముల్లో పనంతా రాతలోనే నడుస్తుంది. మీ అమ్మాయి ఎలా రాస్తుందో తెలియడానికి వాళ్లకు దొరికే మొదటి నమూనా ఈ బయోనే. దాన్ని ఇంకొకరి చేత రాయిస్తే రేపు ఆమె పంపే మొదటి మెసేజ్‌తోనే తేడా బయటపడుతుంది. మీరు ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ ‘సొంతంగా పని చేసుకుపోతుంది’ అని చెప్పే కాగితాన్ని నాన్న రాయించడం ఏమిటండీ? దయచేసి ఇక మీదట ఆ ఫైలు ముట్టుకోకండి.

అన్నిటికన్నా నష్టం చేసేది ఆ 24 గంటల మాట. అది చదివిన మేనేజర్‌కు ఈ అమ్మాయి వేరే దేశపు టీముతో ఎప్పుడూ పని చేయలేదని అర్థమవుతుంది. ఒకవేళ ఆ మాట నిజమని నమ్మి తీసుకున్నారే అనుకోండి, సియాటిల్‌లో ఉదయం 9 అంటే చలికాలంలో మనకు రాత్రి పదిన్నర. అలా ఎన్ని నెలలు కూర్చోగలదు? బెర్లిన్ టీమైతే లెక్క వేరు. అక్కడి ఉదయం 9 మనకు చలికాలంలో మధ్యాహ్నం ఒకటిన్నర, ఎండాకాలంలో పన్నెండున్నర. వాళ్లు మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో గడియారం మారుస్తారు, మనం మార్చం. అందుకే బయోలో గంటలను వాళ్ల టైములో రాయాలి: “గుంటూరు నుంచి, భారత సమయం UTC+5:30. బెర్లిన్ టైము ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు రోజూ లైవ్‌లో ఉంటాను. అమెరికా పశ్చిమ తీరం వాళ్లతో వారానికి ఒక రోజు, వాళ్ల ఉదయం వేళ కాల్‌కు కూర్చోగలను.” ఏడాదికి రెండుసార్లు మారేది మీ అమ్మాయి భోజనం వేళే, బయోలో అక్షరం మార్చక్కర్లేదు. ఎంతవరకు సర్దుకోగలదో హద్దు చెప్పిన మనిషి మాటనే అవతలివాళ్లు నమ్ముతారు.

రాత సంగతికి వస్తే, ‘కమ్యూనికేషన్ బాగుంది’ అని చెప్పుకోవడం కాదు, లింక్ ఇవ్వాలి. పని ఎక్కడ చెడుతుందో చూడండి. మీ అమ్మాయి ఇక్కడ ఉదయం 11కి సియాటిల్ వ్యక్తికి “హాయ్, చిన్న డౌట్” అని పెడుతుంది. అక్కడ అప్పటికి రాత్రి. ఆయన తన ఉదయం చూసి “చెప్పండి” అంటాడు. అప్పటికి ఈమె నిద్రలో ఉంటుంది. మర్నాడు డౌట్ రాస్తే జవాబు మళ్లీ రాత్రికి. పది నిమిషాల పనికి రెండు రోజులు పోయాయి. రాయడం తెలిసినవాళ్లు మొదటి మెసేజ్‌లోనే అన్నీ పెడతారు: ఏం చేస్తున్నాను, ఎక్కడ ఆగాను, ఏమేం చేసి చూశాను, మీ నుంచి ఏ నిర్ణయం కావాలి, రేపటిలోగా జవాబు రాకపోతే ఏ దారిన వెళ్తాను. ఈ చివరి ముక్క రాయడానికి మన పిల్లలు జంకుతారు. పెద్దవాళ్లను అడగకుండా అడుగు వేయొద్దని పెంచాం కదా. దూరపు టీములు వెతికేది సరిగ్గా ఆ ముక్క కోసమే. అందరూ రిమోట్‌గానే పనిచేసే గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ తన హ్యాండ్‌బుక్‌ను నెట్‌లో అందరికీ తెరిచి ఉంచింది. అందులో రిమోట్ పని గురించిన భాగాన్ని ఆమెను చదవమనండి.

ఆఫీసు డాక్యుమెంట్లు కంపెనీ సొత్తు కాబట్టి వాటిని బయట పెట్టకూడదు. దానికి బదులు, కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ టూల్స్‌లో రోజూ వాడే ఏదైనా ఒకదాన్ని ఖాళీ మెషీన్‌లో, వాళ్ల సూచనల ప్రకారమే ఇన్‌స్టాల్ చేసి చూడాలి. తరచుగా ఎక్కడో ఒకచోట సూచన పాతబడి ఉంటుంది. ఏ వెర్షన్, ఏ స్టెప్పులు, ఏం జరగాలి, ఏం జరిగింది అని, ఆ టూల్ కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో ఇష్యూ, అంటే లోపాన్ని వివరించే నోట్, రాసి, వీలైతే సవరణ కూడా పంపాలి. ఆ లింకే బయోలోకి వెళ్తుంది.

గంటలు, రాత తర్వాత మూడోది స్వయంగా నడుచుకోవడం. దీనికి ఒక్క సంఘటన చాలు. మీ ఉత్తరంతోపాటు అమ్మాయి రెజ్యూమే పంపారు కదా, అందులో అడుగున ఒక లైను ఉంది: వారాంతపు ఫైలు ఆలస్యం వల్ల సోమవారం సేల్స్ రిపోర్ట్ ఫెయిల్ అవుతుంటే, ఎవరూ అడగకపోయినా లాగ్‌లు చూసి సరిచేసి, నోట్ రాశానని. అంత మంచి విషయాన్ని ఎవరైనా అడుగున పడేస్తారా! అది బయోలో ఇలా ఉండాలి: “మా టీమ్‌లో ప్రతి సోమవారం సేల్స్ రిపోర్ట్ ఆగిపోయేది, దాన్ని చేత్తో మళ్లీ నడిపేవాళ్లం. ఎవరూ చెప్పకపోయినా నేను లాగ్‌లు చూశాను. శని, ఆదివారాల ఫైలు ఆలస్యంగా వస్తోందని తేలింది. ఫైలు వచ్చాకే రిపోర్ట్ మొదలయ్యేలా మార్చి, తర్వాతివాళ్ల కోసం నోట్ రాసిపెట్టాను.” నేను తెలుగులో చెప్పినదాన్ని ఆమె తన ఇంగ్లీషులో, చిన్న చిన్న వాక్యాల్లో రాసుకోవాలి. ఇక్కడ గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు, చదివినవాడు మళ్లీ ప్రశ్న అడగాల్సిన పని లేకపోతే చాలు. ముందు సోమవారం సంఘటన, తర్వాత లింక్, చివర గంటలు. అన్నీ కలిపి ఆరేడు వాక్యాలు మించకూడదు.

ఈ దారి మీద నాకున్న అనుమానాలు కూడా దాచను. ‘రిమోట్’ అని ఉన్న ప్రకటనల్లో చాలావాటికి కింద ఫలానా దేశంలో ఉన్నవాళ్లకే అని ఉంటుంది. పన్నులు, కార్మిక చట్టాల వల్ల కంపెనీలు అలా పెడతాయి. మీ అమ్మాయి అప్లికేషన్లలో కొన్ని అక్కడే ఆగిపోయి ఉండొచ్చు, అది ఆమె లోపం కాదు. తీసుకున్నా తరచుగా కాంట్రాక్టర్‌గా తీసుకుంటారు. అప్పుడు పీఎఫ్ ఉండదు, జీతంతో సెలవులు ఉండకపోవచ్చు, పన్ను తానే కట్టుకోవాలి, నోటీసు గడువు చిన్నది. లాప్‌టాప్‌కో ట్రైనింగ్‌కో ముందు డబ్బు కట్టమంటే అది మోసమే. ఇక కాలేజీ నుంచి నేరుగా ఇంటికొచ్చి రిమోట్‌లో కూర్చుంటానంటే నేను వద్దనే చెబుతాను. పక్క కుర్చీలో ఉన్నవాళ్లను చూసి నేర్చుకునేది ఇంట్లో దొరకదు. మీ అమ్మాయికి ఆ రెండేళ్లు అయ్యాయి కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ అసలు బెంగ ఇంట్లో కూర్చున్న పిల్ల అని నలుగురూ అంటారని, సంబంధాలవాళ్లు ఏం ఉద్యోగమని అడుగుతారని. ఫలానా దేశపు కంపెనీకి పనిచేస్తోంది, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా డ్యూటీ అని చెప్పండి. తప్పేముంది? అయితే ముందు మీరే దాన్ని డ్యూటీగా చూడాలి. కాల్‌లో ఉండగా గ్యాస్ బండ వచ్చిందని, చుట్టాలొచ్చారని తలుపు కొడితే ఏ ఉద్యోగమూ నిలవదు. సోమవారం రిపోర్ట్‌ను ఎవరూ అడగకుండా సరిచేసిన పిల్ల గురించి మీరు అంత భయపడక్కర్లేదు.

హైదరాబాద్ ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానేయొద్దనండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చి, అందులో ఉద్యోగిగానా, కాంట్రాక్టర్‌గానా, నోటీసు ఎన్ని రోజులు, ఏ టైము ప్రకారం ఎన్ని గంటలు అన్నవి రాతలో చూశాకే రాజీనామా పెట్టాలి. ఈలోగా కొత్త బయోను ఆమే రాసి, ఆమే నాకు పంపాలి.