రోజూ పరిగెత్తినా వేగం ఎందుకు తగ్గుతోంది?

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం నెల్లూరు ఏసీ స్టేడియంలో రెండు నెలలుగా రోజూ 1600 మీటర్లు ఫుల్ స్పీడులో కొడుతున్నా. 6:40 టైమింగ్ కాస్తా 7:10 అయింది. లేవగానే నీరసం, అయినదానికీ కానిదానికీ చిరాకు. ప్రాక్టీస్ ఇంకా పెంచాలా?

వివరణ: పెంచితే 7:30 అవుతుంది. పరుగు కండరాన్ని నలగ్గొడుతుంది, విశ్రాంతిలోనే అది బలపడుతుంది. మీరు ఆ సందు ఇవ్వలేదు. నీరసం, చిరాకు కూడా ఆ అలసటలో భాగమే, బద్ధకం కాదు.

పొద్దున మంచం దిగకముందే నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. ఉదాహరణకు మీకు మామూలుగా 58 ఉండేది వరసగా నాలుగైదు రోజులు 66 దాకా ఉంటే ఒళ్లు తేరుకోనట్టే. జ్వరం, ఉక్కపోతతో నిద్ర చెడినా పెరుగుతుంది కాబట్టి ఒక్కరోజు అంకె పట్టించుకోవద్దు.

వారం రోజులు పరుగు పూర్తిగా ఆపండి. సాయంత్రం అరగంట నడక చాలు. ఎనిమిది గంటలు నిద్రపోండి. బరువు తగ్గాలని అన్నం మానేసి ఉంటే మళ్లీ తినండి, చాలామంది దెబ్బతినేది అక్కడే. రెండో వారం రోజు విడిచి రోజు, పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంలో 20 నిమిషాలు. వాచీ ఇంట్లో పెట్టండి. నాడి, నిద్ర కుదుటపడ్డాకే వారానికొకసారి 400 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో మూడు నిమిషాల నడకతో. 1600 టైమింగ్ పది రోజులకొకసారి చూస్తే చాలు.

మూడు వారాలకీ నీరసం, దిగులు వదలకపోతే డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షల గురించి అడగండి. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పొచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా అప్పటిదాకా ఆగొద్దు.