కళ్లముందే సమానంగా పోసినా ‘అక్కకే ఎక్కువ’ అంటాడు

ప్రశ్న: మాకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి 12 ఏళ్లు, బాబుకి 5, చిన్నపాపకి 13 నెలలు. పాలు తాగేటప్పుడు బాబుతో రోజూ గొడవే. వాడి ముందే కొలిచి పోసినా, అక్క గ్లాసు పొడుగ్గా ఉంటే ‘దానికే ఎక్కువ పోశావు’ అని ఏడుస్తాడు. మావారు మొండితనం అని కోప్పడతారు. వాడికి బుర్రకెక్కడం లేదేమోనని నా భయం. పాపేమో కూర్చోబెట్టిన దగ్గర్నుంచీ చెంచా కింద పడేస్తూనే ఉంటుంది. పెద్దది ప్రతి మాటకీ ఎదురు వాదిస్తుంది. నా పెంపకంలోనే లోపం ఉందా?

జవాబు: మీ పెంపకంలో లోపమేమీ కనిపించడం లేదమ్మా. మీ ముగ్గురు పిల్లలూ మూడు వేర్వేరు మెట్ల మీద ఉన్నారు, ఎవరి మెట్టుకు తగినట్టు వాళ్లు ఆలోచిస్తున్నారు. ముందు బాబు సంగతి చూద్దాం, ఎక్కువ నలుగుతున్నది వాడే కాబట్టి.

ఐదేళ్ల పిల్లవాడికి పొడుగు గ్లాసులో పాలు నిజంగానే ఎక్కువగా కనిపిస్తాయి. పాల మట్టం ఎంత ఎత్తుకు వచ్చిందో చూస్తాడు, గ్లాసు ఎంత సన్నగా ఉందో పట్టించుకోడు. ఒకేసారి రెండు విషయాలను మనసులో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానితో సరిచూసుకునే శక్తి ఈ వయసుకు ఇంకా కుదురుకోదు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే పిల్లల ఆలోచనలో నాలుగు దశలు గుర్తించాడు. సుమారు రెండేళ్ల దాకా ఇంద్రియాలతో, కదలికలతో నేర్చుకునే దశ. రెండు నుంచి ఏడు దాకా మాటలు, ఊహలు వచ్చినా కంటికి కనిపించిందే నిజమనుకునే దశ. ఏడు నుంచి పదకొండు దాకా, ఎదురుగా ఉన్న వస్తువుల విషయంలో తర్కం నడిచే దశ. ఆ తర్వాత, కంటికి కనిపించని విషయాల గురించి కూడా తర్కించగలిగే దశ. మీవాడు రెండో దశలో ఉన్నాడు.

ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. ఒకేలాంటి గ్లాసులు రెండు తీసుకుని సమానంగా నీళ్లు పోయండి. ‘రెండూ సమానమే’ అని వాడే ఒప్పుకునే దాకా చుక్కలు కలపనివ్వండి, తీయనివ్వండి. ఇది వదిలేస్తే తర్వాత వచ్చే జవాబుకు అర్థం ఉండదు. ఇప్పుడు ఒక గ్లాసులోని నీళ్లను వాడు చూస్తుండగానే సన్నటి పొడుగు గ్లాసులోకి వంచి, ‘ఇప్పుడు దేనిలో ఎక్కువున్నాయి, లేక రెండూ సమానమా?’ అని ఒక్కసారే అడగండి. ఏం చెప్పినా తప్పనకుండా ‘ఎలా తెలిసింది?’ అనండి.

అసలు విషయం ఆ కారణంలోనే ఉంటుంది. ‘ఇది పైకుంది కదా’ అంటే వాడింకా చూపునే నమ్ముతున్నాడు. ఈ దశ దాటిన పిల్లలు మూడింట్లో ఏదో ఒక మాట చెబుతారు: ‘అవే నీళ్లు, నువ్వేమీ కలపలేదుగా’ అనో, ‘ఎత్తుగా ఉంది కానీ సన్నంగా ఉంది’ అనో, ‘మళ్లీ దాన్లో పోస్తే అంతే వస్తాయి’ అనో. ఒకసారి ఎక్కువని, ఇంకోసారి సమానమని తడబడితే మెట్టు ఎక్కుతున్నాడన్నమాట. ఈ శక్తి అన్ని విషయాల్లో ఒకేసారి రాదు. వరసగా పేర్చిన ఆరు నాణేలను ఎడంగా జరిపినా ఆరే అని సుమారు ఆరేళ్లకు, నీళ్ల విషయం ఏడేళ్ల ప్రాంతంలో తెలుస్తుంది. మట్టిముద్దను పొడుగ్గా సాగదీసినా బరువు మారదని గ్రహించడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది. అందుకే నాణేల దగ్గర సరిగా చెప్పినవాడు పాల దగ్గర ఏడిస్తే నటన అనుకోకండి.

పెద్దవాళ్లు ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. జవాబు నచ్చక మళ్లీ మళ్లీ అడుగుతారు. అమ్మ రెండోసారి అడిగిందంటే మొదటి జవాబు తప్పయి ఉంటుందని పిల్లలు మాట మార్చేస్తారు. స్కాట్లాండ్‌లో 1974లో జరిగిన ఒక ప్రయోగంలో వస్తువుల వరసను పెద్దవాళ్లు కాకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ చెదరగొట్టినట్టు చూపించారు. అప్పుడు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో చాలా ఎక్కువమంది సరిగా చెప్పారు. అంటే పిల్లలకు తెలిసినదాన్ని మనం అడిగే తీరే కొంత కప్పేస్తుంది.

కాబట్టి పాల గొడవకు మందు వివరణ కాదు, ఒకే కొలత గ్లాసులు రెండు కొనడం. అవి లేని చోట వాడి చేతికే చిన్న గిన్నె ఇచ్చి, ‘అక్కకి రెండు గిన్నెలు, నీకు రెండు గిన్నెలు’ అని లెక్కపెడుతూ పోయించండి. స్నానం దగ్గర రకరకాల డబ్బాలు ఇచ్చి వంపుకోనివ్వండి. ‘సమానమేరా, కనిపించట్లేదా?’ అని గద్దిస్తే, వాడికి కనిపిస్తున్నది సమానంగా లేదు గనక, అమ్మ అన్యాయం చేస్తోందన్న బాధే మిగులుతుంది. మీవారికి ఈ పరీక్ష చూపించండి అని నా సలహా... కాదు, ఆయన్నే చేయమనండి. తన చేతులతో పోసి, తన చెవులతో కారణం విన్నాక మొండితనం అన్న మాట ఆయన నోట రావడం కష్టం.

పాప చెంచా పడేయడం కోపంతో కాదు. ఏడాది దాటిన పిల్లలు ఒకే పనిని కొద్దికొద్దిగా మార్చి చేస్తూ ఏమవుతుందో చూస్తారు: ఎత్తు నుంచి, పక్కకి, మెల్లగా, గట్టిగా. పడ్డాక కిందికి వంగి వెతుకుతోందా గమనించండి. వెతికితే, కంటికి కనిపించకపోయినా వస్తువు ఉంటుందని ఆమెకు తెలుసన్నమాట. ఏడెనిమిది నెలల లోపు చాలామంది గుడ్డ కింద దాచిన బొమ్మ కోసం చెయ్యి చాపరు. భోజనం ముందు కాసేపు మెత్తటి బొమ్మలు, ఓ డబ్బా ఇచ్చి పడేసుకోనివ్వండి. తినేటప్పుడు చెంచా మూడోసారి పడ్డాక నిశ్శబ్దంగా తీసేయండి.

ఇక పెద్దమ్మాయి. ‘ఒకవేళ ఇలా అయితే?’ అన్న ఆలోచన ఈ వయసులోనే మొదలవుతుంది. ఎదుట లేనిదాన్ని ఊహించి, ఇంట్లో ఉన్న నియమాన్ని దానితో పోల్చి, తేడా ఉంటే అడుగుతుంది. దారానికి బరువు కట్టి ఊపి, ‘త్వరగా ఊగాలంటే ఏం మార్చాలి?’ అని అడగండి. దారం పొడవూ బరువూ కలిపి మార్చేస్తే ఇంకా మూడో దశ పద్ధతే. ఒకటి కదపకుండా ఉంచి ఇంకోటి మార్చి, పొడవే కారణమని తేల్చితే నాలుగో దశ ఆలోచన. లెక్కల్లో ఇలా ఆలోచించే అమ్మాయే స్నేహితురాలితో తగువులో అలా ఆలోచించకపోవచ్చు, పెద్దవాళ్లమూ అంతే. వాదించినప్పుడు ‘నీ నియమమేమిటో చెప్పు, అది తమ్ముడికీ వర్తిస్తుందా?’ అని అడగండి. సమాధానం ఆలోచించి చెబితే, ఒక వారం ఆ నియమాన్నే అమలు చేసి చూడండి. గొంతు పెంచితే మాత్రం అక్కడితో ఆపి, సాయంత్రం మాట్లాడదామనండి.

ఈ వయసులన్నీ ఉజ్జాయింపులే, ఏడాది అటూఇటూ పట్టించుకోనక్కర్లేదు. అయితే ఏడాది నిండిన పాప తన ముందే దాచిన వస్తువు కోసం అసలు వెతకకపోయినా, ఏ వయసువాళ్లయినా వచ్చిన మాటలు, పనులు మర్చిపోతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు.