చిన్నాన్న పేరెత్తితే నాన్నగారు ఏడుస్తున్నారు

ప్రశ్న: నాన్నగారికి 79 ఏళ్లు. పిల్లల కోసం మీ కథ రాయండి అని డైరీ కొనిస్తే నాలుగు లైన్లు రాసి వదిలేశారు. ఇప్పుడు ఆదివారాలు నేనే కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. పోయిన వారం చిన్నాన్న మాట వచ్చి భోరున ఏడ్చారు. ఆస్తి గొడవతో ఇద్దరికీ ఇరవై ఏళ్లు మాటల్లేవు, ఆయన ఈ మధ్యే పోయారు. ఇక ఆపేయమని అన్నయ్య అంటున్నాడు. నేను పాత గాయాన్ని కెలుకుతున్నానా?

జవాబు: ఆపకండి. కాకపోతే మీరు అడిగే తీరు కాస్త మార్చుకోవాలి.

పెద్దవాళ్లు పాత సంగతుల్లోకి వెళ్లిపోతుంటే చాదస్తం అనుకోవడం మామూలే. ఒకప్పుడు వైద్యులూ అలాగే అనుకునేవారు. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు అది కాదన్నాడు. చివరి రోజులు దగ్గరపడుతున్నాయని తెలిసిన మనసు తన బతుకును తానే ఒకసారి తిరగేసుకుంటుందని, తేలకుండా మిగిలిన గొడవలు అప్పుడే పైకి వస్తాయని రాశాడు. కాబట్టి ఆ ఏడుపు మీ రికార్డింగ్ తెచ్చిపెట్టింది కాదు. నాన్నగారు రాత్రుళ్లు ఒంటరిగా మోస్తున్నదాన్ని ఆ రోజు మీ ముందు దించారంతే.

అలాగని ప్రతి ఆదివారం చిన్నాన్న దగ్గరే మొదలుపెట్టకండి. వారానికి ఒకసారి, గంటకు మించకుండా, ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోండి. చిన్నతనం నుంచి వరసగా రండి. ఎందుకంటే అప్పుడు చిన్నాన్న ముందు తమ్ముడిగా కనిపిస్తాడు, ఆస్తి దగ్గర ఎదురు తిరిగినవాడిగా తర్వాత. ‘మీ జీవితం గురించి చెప్పండి’ అంటే ఎవరికైనా నోరు రాదు, ఖాళీ డైరీ చేసిన పనీ అదే. ఒక ఫొటో చేతిలో పెట్టి ‘ఇది ఎవరు తీశారు? పక్కన ఎవరున్నారు?’ అని అడగండి. సంవత్సరాలు తప్పు చెబితే దిద్దకండి. ఒకసారి దిద్దితే ఆ తర్వాత ఆయన పరీక్ష రాస్తున్నట్టు మాట్లాడతారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది రెండో ప్రశ్న. సంగతి చెప్పడం అయ్యాక ‘ఇప్పుడు తలుచుకుంటే ఏమనిపిస్తోంది?’ అని అడిగి ఊరుకోండి. అక్కతో జీవితమంతా పంతం పట్టిన ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చేవారు. మొదటి రోజు చెప్పినవన్నీ అక్క చేసిన అన్యాయాలే. రెండో వారం, జ్వరంలో ఉన్న తనను అక్క వీపున వేసుకుని నడిచిన రోజు గుర్తొచ్చింది. ఆరో వారం మళ్లీ ఆ గొడవే వచ్చింది. ఈసారి ఆవిడ, ‘అదీ నాకన్నా నాలుగేళ్లే కదండీ పెద్ద. దానికీ భయం వేసుంటుంది’ అన్నారు. జరిగింది మారలేదు, తప్పు అక్కదే అని చివరిదాకా అన్నారు కూడా. అయినా ఆ కథలోకి అక్క భయం కూడా వచ్చి చేరింది.

నాన్నగారు ఏడ్చినప్పుడు ‘పోనీలెండి నాన్నా, అయిపోయిందిగా’ అనకండి. ప్రేమతో అన్నా, ఆ మాటతో తలుపు మూసేస్తాం. కాసేపు పక్కన కూర్చోండి. తేరుకున్నాక ‘చిన్నాన్న ఇప్పుడు ఎదురుగా ఉంటే ఏమంటారు?’ అని అడగండి. చెప్పనంటే వదిలేయండి.

ఒక్కటి మాత్రం కనిపెట్టి ఉండండి. దుఃఖం సాగుతున్నప్పుడు ప్రతిసారీ కథలో ఏదో ఒక కొత్త వివరం వస్తుంది. అలా కాకుండా అవే మాటలు, అదే ‘నేను పాపిని’ తిరుగుతూ ఉంటే, రెండు వారాలకు పైగా తిండీ నిద్రా తగ్గితే, బతకడం దండగ అన్న మాట ఒక్కసారి వినిపించినా రికార్డింగ్ పక్కన పెట్టి మానసిక వైద్యుడికి చూపించండి. ఆ స్థితిలో గతాన్ని తవ్వితే మేలుకన్నా కీడే ఎక్కువ.

అన్నీ అయ్యాక టైపు చేసి ఆయనకు చదివి వినిపించండి. చాలామంది ఈ పని చేయరు, నాకైతే అసలు పని ఇదే అనిపిస్తుంది. తన మాటలు తాను విన్నప్పుడే మనిషి ‘ఇది తీసేయ్, ఇక్కడ ఇంకోటి చేర్చు’ అంటాడు. ఏది మనవళ్లకు, ఏది మీ ఒక్కరికి అన్నది ఆయన చెప్పాలి. గొడవలన్నీ మీరే ఏరి పారేయకండి. ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే పరిశోధకులు ఇంటి చరిత్ర మీద 20 ప్రశ్నలు పెట్టి పిల్లల్ని అడిగారు. ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనిపించింది. తెలియడం వల్లే అలా అయ్యారని దాని అర్థం కాదు గానీ, పడిలేచిన సంగతులు కూడా ఇంటి చరిత్రేనని మీ అన్నయ్యకు చెప్పవచ్చు.

చిన్నాన్న పిల్లలకు ఆ పేజీలు ఇవ్వాలా అన్నది కూడా నాన్నగారే తేల్చాలి, ఇప్పుడే అడగకండి. వచ్చే ఆదివారానికి అన్నదమ్ములిద్దరూ చిన్నప్పుడు కలిసి దిగిన ఫొటో ఏదైనా ఉందేమో వెతికి పెట్టుకోండి.