గుండ్రటి బల్లకు కలప, వార్నీషు లెక్క: పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నాలుగడుగుల గుండ్రటి భోజనాల బల్లకు బేరం కుదిరిందనీ, టేకు ఎంత తేవాలో, వార్నీషు ఎంత కొనాలో తెలియక ఆగావనీ మీ నాన్న చెప్పాడు. ఆ కొలత బల్లనే నేను మొదటిసారి చేసినప్పుడు రెండు లెక్కల్లోనూ తప్పాను కనుక, ఆ సంగతి చెప్పి నీ లెక్క వేస్తాను.

ఆ బల్ల చేయించుకున్నది లెక్కల మాష్టారు. వ్యాసార్థం రెండడుగులు, దాని వర్గం నాలుగు, దాన్ని 22/7 తో గుణిస్తే సుమారు 12.57 చదరపు అడుగులు అని ఆయన కాగితం మీద వేసి చూపించారు. చెక్క మందం ఒక అంగుళం కనుక దాన్ని 12తో భాగించి, 1.05 ఘనపుటడుగుల కలప చాలునన్నారు. నేను ఆ కాగితం పట్టుకుని టింబర్ డిపోకు వెళ్లి, సరిగ్గా అంతే కొలిపించుకుని వచ్చాను. ఆరున్నర అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం గల పలకలు అన్నీ కలిపి పద్దెనిమిదిన్నర అడుగుల పొడవు వచ్చాయి. నేల మీద పరిచి చూస్తే బల్లలో సుమారు మూడో వంతు ఖాళీగా మిగిలింది. వారం తర్వాత తెచ్చిన పలకలు ముందు వాటి రంగులో కలవలేదు. ఆ బల్ల మీద ఆ తేడా చివరి దాకా కనబడుతూనే ఉండేది. మాష్టారి లెక్కలో తప్పేమీ లేదు. అది తయారైన బల్లకు చెందిన లెక్క, డిపోలో కొనే కలపది కాదు. డిపోవాడు చిత్రిక పట్టని పలకను కొలిచి డబ్బు తీసుకుంటాడు. చిత్రిక పట్టాక అంగుళంపావు మందం అంగుళం అవుతుంది, ఆరున్నర వెడల్పు ఆరు అవుతుంది. పైగా పలకలు పొడవుగా, చదరంగా ఉంటాయి కనుక గుండ్రం చేసేటప్పుడు మూలలు పోతాయి.

కాబట్టి వైశాల్యంతో కాక పలకలతో లెక్కించు. అందుకు వర్గమూలాలు అక్కరలేదు. కొట్లో నేల మీద సుద్దతో నాలుగడుగుల వృత్తం గీయి. తాడు సాగుతుంది కనుక, ఒక సన్నని బద్దకు ఒక చివర మేకు, అక్కడికి సరిగ్గా రెండడుగుల దూరంలో సుద్దముక్క బిగించి తిప్పు. నడిమి గీత గీసి, దానికి అటూ ఇటూ ఆరేసి అంగుళాలకు ఒక గీత చొప్పున గీస్తే ఎనిమిది పట్టీలు వస్తాయి. ఒక్కో పట్టీలో నడిమి గీత వైపు అంచు పొడవే ఆ పలకకు కావలసిన పొడవు. నడుమ ఉన్న రెండు పట్టీలకు 48 అంగుళాలు, తర్వాతి రెంటికి సుమారు 46½, ఆ తర్వాతి రెంటికి 41½, చివరి రెంటికి 32 వస్తాయి. అంటించాక అంచు కోయడానికి ఒక్కోదానికి రెండేసి అంగుళాలు కలిపితే వరుసగా 50, 48½, 43½, 34 అంగుళాలు అవుతాయి.

ఇప్పుడు వీటిని జతలు చెయ్యి. 50, 43½ అంగుళాల ముక్కలు రెండూ ఒక ఎనిమిదడుగుల పలకలో వస్తాయి. అటువంటి పలకలు రెండు కావాలి. 48½, 34 అంగుళాల ముక్కలు ఏడడుగుల పలకలో వస్తాయి, అవీ రెండు. మొత్తం ముప్పై అడుగుల పొడవు. దీన్ని 6½ తోనూ 1¼ తోనూ గుణించి 144తో భాగిస్తే 1.69 ఘనపుటడుగులు అవుతుంది. మాష్టారి 1.05 ఎక్కడ, ఇది ఎక్కడ! అన్ని ముక్కలనూ 50 అంగుళాలకే కోద్దామనుకుంటే ఎనిమిదడుగుల పలకలో రెండు ముక్కలు పట్టవు. తొమ్మిదడుగుల పలకలు నాలుగు, అంటే 2.03 ఘనపుటడుగులు కొనవలసి వస్తుంది. టేకు ధర తెలిసినవాడెవడూ ఆ పని చేయడు.

ఒక్క జాగ్రత్త. ఈ జతల్లో పలక చివర మిగిలేది రెండు అంగుళాలకు అటూ ఇటూ మాత్రమే. డిపోలో పలకల చివర్లు తరచుగా పగిలి ఉంటాయి కనుక, పగులు వదిలేసి ఆ తర్వాత నుంచి ఎనిమిదడుగులు, ఏడడుగులు కొలవమని అడుగు. అంచున చేవలేని తెల్ల చెక్క ఉన్న పలక ఆరున్నర అంగుళాల వెడల్పు ఉన్నట్టు కనిపించినా, చేవ వరకే లెక్క పెట్టుకో. ముడులున్న పలకే దొరికితే అదనంగా నాలుగున్నర అడుగుల ముక్క ఒకటి తెచ్చుకో. అది అదే దుంగలోదైతే రంగు కలుస్తుంది.

మాష్టారి వైశాల్యం పనికొచ్చేది వార్నీషు దగ్గర. అక్కడ కూడా నేను పైభాగం ఒక్కటే లెక్కించి, అరలీటరు డబ్బా తెచ్చి, పైకి మూడు పూతలు వేసి, అడుగు భాగాన్ని వట్టిగా వదిలేశాను. వానాకాలం వచ్చేసరికి అడుగున వట్టిగా ఉన్న చెక్క తేమ పీల్చి ఉబ్బింది. పైన వార్నీషు ఉన్న వైపు అలా ఉబ్బలేకపోయింది. అంచులు పైకి లేచి బల్ల నడుమ పల్లమైంది. దాని మీద తిన్నటి బద్ద పెట్టి చూస్తే కింద వెలుతురు కనిపించేది. అందుకని పైకి మూడు పూతలు వేస్తే అడుగుకు కనీసం రెండు పూతలు వేయాలి.

లెక్క ఇలా వేయి. పైన మూడు పూతలకు 37.7 చదరపు అడుగులు, అడుగున రెండు పూతలకు 25.1. అంచు పొడవు అంటే చుట్టుకొలత 12.57 అడుగులు, మందం అంగుళం, కనుక అంచు ఒక చదరపు అడుగు పైచిలుకు. వైశాల్యమూ 12.57, చుట్టుకొలతా 12.57 ఏమిటని తికమకపడకు; వ్యాసార్థం రెండడుగులైనప్పుడే ఈ రెండు అంకెలూ కలుస్తాయి. అయిదడుగుల బల్లకు వైశాల్యం 19.6, చుట్టుకొలత 15.7. ఒకదాని బదులు ఒకటి వేశావంటే నాలుగడుగుల బల్లలో తప్పు బయటపడదు, తర్వాతి బల్లలో పడుతుంది. అంచులో చాలా చోట్ల చెక్క అడ్డంగా తెగి ఉంటుంది కనుక అది వార్నీషును బాగా పీలుస్తుంది. మూడు పూతలకు మూడు చదరపు అడుగులకు బదులు ఆరు రాసుకో. అన్నీ కలిపి 69.

లీటరుకు పూతకు ఇన్ని చదరపు అడుగులని డబ్బా మీద రాసేది నునుపైన చెక్కను దృష్టిలో పెట్టుకుని. కుంచెతో టేకు మీద వేసేటప్పుడు నా చేతికి లీటరుకు వంద చదరపు అడుగుల కంటే ఎక్కువ ఎన్నడూ రాలేదు. ఆ లెక్కన 0.69 లీటరు కావాలి. కుంచెలో, గిన్నెలో పోయేదానికి పదిశాతం కలిపితే ముప్పావు లీటరు దాటుతుంది. లీటరు డబ్బా ఒకటి తెచ్చుకో. మొదటి పూత టర్పెంటైన్ కలిపి పలచగా వేసి, ఆరాక సన్నని ఉప్పు కాగితంతో రుద్ది, తర్వాతి పూత వెయ్యి. రుద్దినప్పుడు పొడి రాలితే ఆరినట్టు, కాగితానికి అంటుకుపోతే ఇంకా ఆరనట్టు.

అంచు కోశాక, వార్నీషుకు ముందు, టేపును చుట్టూ తిప్పి చూడు. 12 అడుగుల 6¾ అంగుళాలు రావాలి. వ్యాసార్థంలో పావు అంగుళం తేడా వస్తే చుట్టుకొలతలో అంగుళంన్నర తేడా వస్తుంది కనుక తప్పు ఇక్కడ ఇట్టే తెలుస్తుంది. చుట్టుకొలత సరిపోయినా బల్ల కోడిగుడ్డులా సాగి ఉండవచ్చు కాబట్టి, అడ్డంగా నాలుగు చోట్ల కూడా కొలిచి చూసుకో. డిపోకు వెళ్లే రోజున నాకు ఫోన్ చేస్తే పలకలు చూడడానికి నేనూ వస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న